బ్రాంకైటిస్‌ ఎక్కడ ఆగుతుంది, న్యుమోనియా ఎక్కడ మొదలవుతుంది

పీల్చిన గాలి గొంతు దాటి శ్వాసనాళంలోకి దిగుతుంది. ఆ నాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఒక్కో కొమ్మా మళ్లీ రెండుగా చీలుకుంటూ పోయి, దాదాపు 23 చీలికల తర్వాత సన్నటి గాలిగదుల్లో ముగుస్తుంది. నాళాల పని గాలిని అటూ ఇటూ చేరవేయడం వరకే. గాలిలోని ఆక్సిజన్‌ రక్తంలో కలిసేది గాలిగదుల దగ్గర. నాళాల లోపలి పొర వాస్తే అది బ్రాంకైటిస్‌. గాలిగదుల్లో గాలి ఉండాల్సిన చోట నీరు, చీము చేరితే అది న్యుమోనియా. ఈ రెండు జబ్బుల లక్షణాల్లో, ఎక్స్‌రేలో, వైద్యంలో కనిపించే తేడాలన్నీ దాదాపుగా ఈ ఒక్క తేడా నుంచే వస్తాయి.

రెండింటికీ దగ్గు ఉంటుంది, రెండింటికీ కఫం పడొచ్చు, రెండూ చాలాసార్లు మామూలు జలుబుతోనే మొదలవుతాయి. ఇళ్లలో రెండింటినీ కలిపి ‘నెమ్ము చేసింది’ అనేస్తారు. మందుల షాపులో రెండింటికీ ఒకటే యాంటీబయాటిక్‌ చేతిలో పెడతారు. దానివల్ల నష్టం రెండు వైపులా ఉంది. బ్రాంకైటిస్‌ వచ్చినవారు అక్కర్లేని మందు మింగుతారు. న్యుమోనియా వచ్చినవారు ‘మందు వేసుకుంటున్నాం కదా’ అనే ధీమాతో ఆస్పత్రికి వెళ్లాల్సిన రెండు రోజులు పోగొట్టుకుంటారు.

తేడా స్పష్టంగా తెలియడానికి ఒకే ఇంట్లో ఒకే వారంలో జలుబు చేసిన తండ్రీ కొడుకుల ఉదాహరణ తీసుకుందాం. కొడుకుకు 34 ఏళ్లు, వేరే జబ్బులేమీ లేవు. తండ్రికి 62 ఏళ్లు, చాలా ఏళ్లుగా బీడీ అలవాటు ఉంది. ముందు కొడుకుకు ముక్కు కారడం, గొంతు నొప్పి వచ్చాయి. రెండు రోజుల తర్వాత తండ్రికీ అవే వచ్చాయి. ఇద్దరికీ సోకింది ఒకే వైరస్‌ అనుకోవచ్చు. ఆ తర్వాత మాత్రం ఇద్దరి దారులూ వేరయ్యాయి.

కొడుక్కి నాలుగో రోజుకల్లా జలుబు తగ్గి దగ్గు పట్టుకుంది. మొదట పొడిదగ్గు, తర్వాత తెల్లటి కఫం, ఆ తర్వాత పసుపుపచ్చ కఫం. రాత్రిపూట పడుకోగానే దగ్గు ఎక్కువవుతోంది. దగ్గి దగ్గి రొమ్ము ఎముక వెనక మంటగా ఉంటోంది. థర్మామీటర్‌ పెడితే 99.4 డిగ్రీలు. నాడి నిమిషానికి 86, శ్వాస నిమిషానికి 18. వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్‌ 98 శాతం. మనిషి చిరాగ్గా ఉన్నాడు గానీ తింటున్నాడు, తిరుగుతున్నాడు.

ఇది బ్రాంకైటిస్‌ అసలు రూపం. వైరస్‌ నాళాల లోపలి పొరను గాయపరిచింది. పొర వాచి, జిగురు ఎక్కువగా ఊరుతోంది. ఆ జిగురును బయటికి నెట్టడానికే దగ్గు. గాలిగదులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి రక్తంలో ఆక్సిజన్‌ తగ్గలేదు, ఆయాసం రాలేదు. పెద్దల్లో వచ్చే అక్యూట్‌ బ్రాంకైటిస్‌లో పదింట తొమ్మిదికి పైగా కారణం వైరస్‌లే. కఫం పచ్చబడింది కాబట్టి బ్యాక్టీరియా చేరిందనుకోవడం చాలామందిలో బలంగా ఉన్న అపోహ, కొందరు వైద్యుల్లో కూడా. రోగంతో పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైమ్‌ ఆ రంగునిస్తుంది. అది వైరస్‌ మీద పోరాటమైనా, బ్యాక్టీరియా మీద పోరాటమైనా రంగు అదే.

తండ్రి సంగతి వేరు. ఆయనకు జలుబు తగ్గుముఖం పట్టినట్టే కనిపించింది. ఐదో రోజు రాత్రి ఉన్నట్టుండి పళ్లు కొట్టుకునేంత వణుకుతో జ్వరం వచ్చింది. తెల్లారేసరికి 102.6 డిగ్రీలు. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో కత్తితో పొడిచినట్టు నొప్పి. ఆ నొప్పికి భయపడి పైపైనే శ్వాస తీసుకుంటున్నాడు. కఫంలో తుప్పు రంగు జీర కనిపించింది. నాడి నిమిషానికి 112, శ్వాస 28, ఆక్సిజన్‌ 91 శాతం. అన్నం సయించడం లేదు.

వైరస్‌ గాయపరిచిన దారిలో బ్యాక్టీరియా గాలిగదుల దాకా దిగిపోయింది. సమాజంలో మామూలుగా వచ్చే న్యుమోనియాల్లో ఈ పని ఎక్కువగా చేసే బ్యాక్టీరియా న్యుమోకాకస్‌. ఆరోగ్యవంతుల ముక్కులో, గొంతులో కూడా ఇది హాని చేయకుండా కాపురం ఉంటుంది. నాళాల గోడలకు సన్నటి నూగు వెంట్రుకలుంటాయి. దుమ్మునూ క్రిములనూ అవి పైకి ఊడ్చేస్తూ ఉంటాయి. బీడీ పొగ ఆ నూగును దెబ్బతీస్తుంది. అందుకే ఒకే వైరస్‌ కొడుకు దగ్గర నాళాల్లో ఆగిపోయి, తండ్రి దగ్గర గాలిగదుల దాకా దారి తెరిచింది. మధుమేహం, మద్యం, వయసు కూడా ఇలాగే దారి తెరుస్తాయి. తగ్గిందనుకున్న జలుబు మళ్లీ చలిజ్వరంతో తిరగబెట్టడం గట్టి హెచ్చరిక.

ఆయాసం ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. చీముతో నిండిన గదుల పక్కనుంచి వెళ్లే రక్తం ఆక్సిజన్‌ అందుకోకుండానే వెనక్కి వస్తుంది. దాన్ని పూడ్చుకోవడానికి శరీరం శ్వాస వేగం పెంచుతుంది. కాబట్టి దగ్గు ఎంత గట్టిగా ఉందన్న దానికంటే నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీసుకుంటున్నారన్నదే ఎక్కువ విషయం చెబుతుంది. రోగి మాట్లాడకుండా కూర్చున్నప్పుడు, లెక్కపెడుతున్నట్టు అతనికి తెలియకుండా, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఇళ్లలో ఎవరూ చేయని పని ఇది. ఆస్పత్రుల్లో కూడా చాలాచోట్ల లెక్కపెట్టకుండానే కేస్‌షీట్‌లో 20 అని రాసేస్తారు.

వైద్యులు వాడే ఒక సులువైన లెక్క ఉంది. వేరే జబ్బులు లేని పెద్దవారిలో నాడి 100 లోపు, శ్వాస 24 లోపు, జ్వరం 100.4 డిగ్రీల లోపు ఉండి, ఛాతీలో ఒకచోట ప్రత్యేకంగా తేడా శబ్దమేదీ లేకపోతే న్యుమోనియా ఉండే అవకాశం చాలా తక్కువ. కొడుకు ఈ లెక్కకు సరిగ్గా సరిపోయాడు. అతనికి ఎక్స్‌రే అవసరం లేదు. తండ్రి మూడింట్లోనూ గీత దాటాడు.

ఈ లెక్క ముసలివారి దగ్గర నమ్మదగింది కాదు. డెబ్బై ఐదేళ్లు దాటినవారిలో న్యుమోనియా జ్వరం లేకుండా, దగ్గు లేకుండా కూడా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఇవాళ మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, మంచం దిగబోయి పడిపోవడం, తిండి పూర్తిగా మానేయడం కూడా దాని మొదటి గుర్తు కావచ్చు. పసిపిల్లల్లో శ్వాస వేగమే ప్రధానం. రెండు నెలలు నిండని శిశువులో నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేగవంతమైన శ్వాసగా లెక్కిస్తుంది. దగ్గుతో పాటు బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే లెక్కపెడుతూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

స్టెతస్కోప్‌ పెట్టినప్పుడు వినిపించేది కూడా రెండు జబ్బుల్లో వేరు. కొడుకు ఛాతీలో రెండు వైపులా అక్కడక్కడా పిల్లికూతలు, గరగరలు వినిపించాయి. గట్టిగా దగ్గమంటే కొన్ని మాయమయ్యాయి, కొన్ని చోటు మారాయి. కదిలే జిగురు వల్ల వచ్చే శబ్దం అలాగే ఉంటుంది. తండ్రి వీపు మీద కుడివైపు కింద మాత్రం, చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపితే వచ్చేలాంటి చిటపటలు శ్వాస పీల్చే ప్రతిసారీ అదే చోట వినిపించాయి. దగ్గినా పోలేదు. మిగతా ఛాతీ అంతా శుభ్రంగా ఉంది. ఒకే చోట నిలిచి ఉండే తేడాయే ఎక్స్‌రే తీయించడానికి కారణం.

ఎక్స్‌రే ఫిల్మ్‌ మీద గాలి నల్లగా, ఎముక తెల్లగా, నీరూ మాంసమూ మధ్యస్థమైన తెలుపులో పడతాయి. ఊపిరితిత్తిలో ఎక్కువ భాగం గాలే కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది నల్లగా, అందులో రక్తనాళాల సన్నటి గీతలతో కనిపిస్తుంది. బ్రాంకైటిస్‌లో వాచేది నాళాల లోపలి పలుచటి పొర. ఆ వాపు ఫిల్మ్‌ మీద దొరికేంత మందం ఉండదు. అందువల్ల బ్రాంకైటిస్‌ రోగి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, మహా అయితే నాళాల గోడలు కాస్త మందంగా కనిపిస్తాయి. బ్రాంకైటిస్‌లో ఎక్స్‌రే తీసేది ఆ జబ్బును చూడటానికి కాదు, న్యుమోనియా లేదని తేల్చుకోవడానికి.

రిపోర్టుల్లో తరచుగా కనిపించే ఒక వాక్యం ఇక్కడ చాలామందిని కంగారు పెడుతుంది. ‘బ్రాంకోవాస్కులర్‌ మార్కింగ్స్‌ ప్రామినెంట్‌గా ఉన్నాయి’ అని ఉంటుంది. నాళాల గీతలు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నాయన్నంత వరకే దాని అర్థం. పొగతాగేవారిలో, లావుగా ఉన్నవారిలో, ఫిల్మ్‌ తీసేటప్పుడు ఊపిరి పూర్తిగా పీల్చనివారిలో కూడా ఆ గీతలు అలాగే పడతాయి. ఆ ఒక్క వాక్యం చూసి న్యుమోనియా అనుకోనక్కర్లేదు, యాంటీబయాటిక్‌ మొదలుపెట్టనూ అక్కర్లేదు.

న్యుమోనియాలో గాలి స్థానంలో చీము చేరింది కాబట్టి ఆ భాగం తెల్లబడుతుంది. రిపోర్టులో దీన్ని కన్సాలిడేషన్‌ అంటారు. ఆ తెల్లటి మచ్చ లోపల కొన్నిసార్లు కొమ్మల్లా చీలిన నల్లటి గీతలు కనిపిస్తాయి. అవి ఇంకా గాలి ఆడుతున్న నాళాలు. మామూలుగా నల్లటి ఊపిరితిత్తిలో కలిసిపోయి కనిపించని నాళం, చుట్టూ గాలిగదులు చీముతో తెల్లబడటంతో బయటపడుతుంది. నాళం ఖాళీగా ఉండి గదులు నిండాయన్న సంగతి, అంటే రెండు జబ్బుల తేడా, ఒకే ఫిల్మ్‌లో కనిపించే సందర్భం ఇదే.

తండ్రి ఫిల్మ్‌లో కుడివైపు కింది భాగంలో తెల్లటి మచ్చ ఉంది. గుండె కుడి అంచు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద ఉదరవితానం గీత, అంటే ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు అంచు, చెరిగిపోయింది. తెలుపూ నలుపూ పక్కపక్కన ఉంటేనే అంచు కనిపిస్తుంది. తెలుపు పక్కన తెలుపు చేరితే అంచు పోతుంది. గుండె పక్కనే ఉండేది కుడి ఊపిరితిత్తి మధ్య తమ్మె. ఉదరవితానానికి ఆనుకుని ఉండేది కింది తమ్మె. కాబట్టి ఆయనకు జబ్బు కింది తమ్మెలో ఉంది. స్టెతస్కోప్‌లో చిటపటలు వినిపించిందీ అక్కడే. పక్కటెముకలు ఉదరవితానాన్ని కలిసే మూల పదునుగా ఉందో లేదో కూడా రేడియాలజిస్టు చూస్తారు. ఆ మూల మొద్దుబారితే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని అనుమానం. ఆయనకు మూల పదునుగానే ఉంది.

అన్ని న్యుమోనియాలూ ఇలా ఒకే తమ్మెలో చక్కగా కూర్చోవు. కొన్నిట్లో రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు పడతాయి. వైరస్‌లు, మైకోప్లాస్మా లాంటివి వచ్చినప్పుడు సన్నటి వలలాంటి పొగమంచు తెలుపు కనిపించవచ్చు. మచ్చ ఆకారం చూసి క్రిమి పేరు చెప్పేయడం మాత్రం నమ్మదగిన పద్ధతి కాదు. పై భాగంలో మచ్చ, అందులో గుల్ల కనిపిస్తే మన దేశంలో ముందు గుర్తుకు రావాల్సింది క్షయ.

ఎక్స్‌రేకూ పరిమితులున్నాయి. జ్వరం మొదలైన తొలి రోజు తీస్తే మచ్చ ఇంకా తేలకపోవచ్చు. లక్షణాలు న్యుమోనియానే సూచిస్తుంటే ఫిల్మ్‌ బాగుందని వదిలేయకుండా వైద్యం మొదలుపెట్టి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తీస్తారు. గుండె వెనక దాక్కున్న మచ్చ ఎదురుగా తీసిన ఫిల్మ్‌లో సరిగ్గా కనిపించదు, పక్క నుంచి తీస్తే బయటపడుతుంది. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో గుండె పెద్దదిగా, ఊపిరితిత్తులు ముడుచుకున్నట్టుగా పడి లేనిపోని అనుమానాలు కలిగిస్తాయి.

వైద్యం విషయానికొస్తే, కొడుక్కి యాంటీబయాటిక్‌ ఇవ్వలేదు. బ్రాంకైటిస్‌లో యాంటీబయాటిక్‌ వాడినవారిని, వాడనివారిని పోల్చి చూస్తే దగ్గు తగ్గే సమయంలో తేడా దాదాపు సగం రోజు. దానికి బదులుగా విరేచనాలు, వికారం, ఒంటిమీద దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. అతనికి జ్వరం, నొప్పి ఉన్నప్పుడు పారాసెటమాల్‌, తగినన్ని ద్రవాలు, పడుకునే ముందు చెంచాడు తేనె సూచించారు. తేనె ఏడాది నిండని పిల్లలకు పనికిరాదు, వారిలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పిల్లికూతలు ఎక్కువగా ఉంటే సాల్‌బ్యుటమాల్‌ ఇన్‌హేలర్‌ కొందరికి ఉపశమనమిస్తుంది. దగ్గు సిరప్‌ల మీద ప్రజలకున్న నమ్మకానికి తగినంత రుజువు లేదు. రోగికి అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, దగ్గు రెండు మూడు వారాలు ఉంటుందని. చాలామంది వారానికే తగ్గాలనుకుని, తగ్గలేదని ఒక డాక్టర్‌ను వదిలి ఇంకో డాక్టర్‌ దగ్గరికి వెళ్తారు. మూడో డాక్టర్‌ మందు వాడుతుండగా దగ్గు తనంతట తానే తగ్గుతుంది, పేరు ఆయనకొస్తుంది. కొడుకు దగ్గు పందొమ్మిదో రోజుకు పోయింది.

బ్రాంకైటిస్‌కు యాంటీబయాటిక్‌ అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. కోరింత దగ్గు వాటిలో ఒకటి. ఏటా మూడు నెలల చొప్పున వరసగా రెండేళ్లు కఫంతో దగ్గు ఉండే దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌ అసలు వేరే జబ్బు. పొగాకు, కట్టెల పొయ్యి పొగ దానికి ప్రధాన కారణాలు. అది ఉన్నవారికి ఉన్నట్టుండి ఆయాసం, కఫం పెరిగితే వైద్యం వేరుగా ఉంటుంది.

తండ్రి దగ్గర మొదటి ప్రశ్న ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అన్నది. దీనికి సీఆర్‌బీ-65 అనే చిన్న లెక్క వాడతారు. మతి తప్పడం, శ్వాస నిమిషానికి 30 లేదా ఎక్కువ ఉండటం, పై రక్తపోటు 90 కంటే తక్కువ లేదా కింది రక్తపోటు 60 లేదా తక్కువ ఉండటం, వయసు 65 లేదా ఎక్కువ ఉండటం, ఒక్కోదానికి ఒక మార్కు. ఆయన స్పృహలోనే ఉన్నాడు, శ్వాస 28, రక్తపోటు 116/70, వయసు 62. మొత్తం సున్నా. లెక్క ప్రకారం ఇంటి దగ్గర మాత్రలు చాలు. ఈ లెక్కలో ఆక్సిజన్‌ శాతానికి చోటు లేదు. 91 శాతం ఆక్సిజన్‌ ఉన్న మనిషిని మార్కులు చూసి ఇంటికి పంపడం పొరపాటు. ఆయన్ను చేర్చుకుని ఆక్సిజన్‌ పెట్టారు. సెఫ్ట్రియాక్సోన్‌ ఇంజెక్షన్‌, దానితో పాటు అజిత్రోమైసిన్‌ మొదలుపెట్టారు. మొదటిది న్యుమోకాకస్‌ కోసం, రెండోది దానికి లొంగని మైకోప్లాస్మా, లెజియొనెల్లా లాంటివాటి కోసం. ఆక్సిజన్‌ బాగుండి, తీవ్రత లేని వారికైతే ఇంటి దగ్గరే అమాక్సిసిలిన్‌ లాంటి మాత్రలు సరిపోతాయి. మోతాదు వైద్యులు నిర్ణయించాలి.

లెవోఫ్లాక్సాసిన్‌ లాంటి మందుల్ని దగ్గు కనబడగానే రాసేయడం మన దగ్గర ప్రత్యేకంగా ప్రమాదకరం. అవి క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. అసలు జబ్బు క్షయ అయితే పది రోజులు తగ్గినట్టు కనిపించి, పరీక్షలో క్రిమి దొరక్కుండా పోయి, నెల తర్వాత తిరగబెడుతుంది. రెండు వారాలకు మించిన దగ్గు ఎవరికి ఉన్నా తెమడ పరీక్ష చేయించాలన్నది జాతీయ క్షయ నివారణ కార్యక్రమం చెప్పే నియమం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. మామూలు బ్రాంకైటిస్‌ దగ్గు కూడా రెండు వారాలు దాటుతుంది కాబట్టి కొడుకు కూడా ఆ పరీక్ష చేయించుకున్నాడు, ఏమీ లేదని తేలింది.

తండ్రికి మూడో రోజు జ్వరం దిగింది. నాలుగో రోజు ఆక్సిజన్‌ తీసేసినా 95 శాతం నిలిచింది. ఇంజెక్షన్లు ఆపి మాత్రలకు మార్చి ఇంటికి పంపారు, మొత్తం ఏడు రోజుల మందు. కొంచెం బాగుండగానే రెండో రోజు మాత్రలు మానేయకూడదు. అలాగని పదిహేను రోజులు మింగాల్సిన అవసరమూ చాలామందికి ఉండదు. తీవ్రత లేని న్యుమోనియాలో జ్వరం తగ్గి మనిషి నిలకడగా ఉంటే ఐదు రోజులు సాధారణంగా చాలు. మూడు రోజుల మందు తర్వాత కూడా జ్వరం దిగకపోతే మందు మార్చడానికి ముందు కారణం వెతకాలి. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందా, లోపల గడ్డ కట్టిందా, క్రిమి మందుకు లొంగనిదా, లేక ఇది క్షయా అని చూడాలి. చుట్టూ చీము చేరితే ఎంత మంచి యాంటీబయాటిక్‌ ఇచ్చినా సరిపోదు, గొట్టం వేసి తీయాలి.

ఇంటికి వెళ్లే రోజు తండ్రికి మళ్లీ ఎక్స్‌రే తీయలేదు. తీస్తే మచ్చ ఇంచుమించు అలాగే కనిపించేది, ఇంట్లో అందరూ భయపడేవారు. జ్వరం దిగి, ఆకలి పుట్టి, మనిషి లేచి తిరుగుతున్నా ఫిల్మ్‌ మీది తెలుపు పోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ముసలివారిలో పన్నెండు వారాలు కూడా పడుతుంది. వైద్యం పనిచేస్తోందా లేదా అన్నది జ్వరం, శ్వాస, ఆక్సిజన్‌ చూసి చెప్పాలి. నీరసం, కొద్దిపాటి దగ్గు నెల దాటినా ఉండొచ్చు.

ఆయనకు ఎక్స్‌రే ఆరు వారాల తర్వాత తీశారు. యాభై దాటి పొగతాగేవారిలో న్యుమోనియా వెనక కొన్నిసార్లు నాళాన్ని మూసేస్తున్న క్యాన్సర్‌ గడ్డ ఉంటుంది. నాళం మూసుకుంటే దాని వెనక గదుల్లో చీము చేరుతుంది. మందుకు చీము తగ్గినా గడ్డ మిగిలే ఉంటుంది. ఆరు వారాలకూ మచ్చ అదే చోట ఉంటే, లేదా ఆర్నెల్లలో అదే చోట మళ్లీ న్యుమోనియా వస్తే సీటీ స్కాన్‌ చేయించాలి. ఆయన ఫిల్మ్‌లో కుడివైపు నల్లగా, ఉదరవితానం గీత స్పష్టంగా కనిపించింది. న్యుమోకాకస్‌ టీకా, ఏటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా గురించి ఆ రోజే చెప్పారు. పిల్లలకు న్యుమోకాకస్‌ టీకా 2017లో మన దేశ సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి వచ్చి, 2021 నుంచి దేశమంతటా ఉచితంగా అందుతోంది. పెద్దలు మాత్రం సాధారణంగా సొంత ఖర్చుతో వేయించుకోవాల్సి వస్తోంది.